ఆకలి వచ్చిందని ఎవరు తేల్చాలి?

*1990లో కువైట్‌లో చిక్కుకున్న మనవాళ్లకు తిండి పంపాలంటే భారత ప్రభుత్వం న్యూయార్క్‌లోని ఒక కమిటీ ముందు నిలబడాల్సి వచ్చింది. ఒక్క ఓడకు దారి దొరకడం వెనక యుద్ధ చట్టం మొత్తం ఉంది. అందులోని బలమూ కనిపిస్తుంది, కంతలూ కనిపిస్తాయి.*

1990 ఆగస్టు 2 తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పటికి ఆ చిన్న దేశంలో దాదాపు 1,70,000 మంది భారతీయులున్నారు. వారిలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. డ్రైవర్లు, వంటవాళ్లు, తాపీ మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. బ్యాంకులు మూతపడ్డాయి, చేతిలో ఉన్న కువైటీ దినార్లకు విలువ పోయింది, దుకాణాలు దోపిడీకి గురయ్యాయి. కువైట్ తినే తిండిలో అత్యధిక భాగం ఓడల్లో వచ్చేదే. తాగే నీళ్లు కూడా సముద్రపు నీటిని శుద్ధి చేసి తీసినవే. ఓడరేవు ఆగితే వంటిల్లు ఆగుతుంది. శుద్ధి కేంద్రం ఆగితే కుళాయి ఆగుతుంది.

నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 6న, ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 661వ తీర్మానం చేసింది. ఇరాక్‌తోనూ, అది ఆక్రమించిన కువైట్‌తోనూ ఎవరూ వ్యాపారం చేయకూడదు. ఆగస్టు 25న 665వ తీర్మానంతో యుద్ధనౌకలకు ఓడలను ఆపి సోదా చేసే అధికారం ఇచ్చింది. ఇరాక్ మెడలు వంచడానికి వేసిన ఉచ్చు ఇది. కానీ ఆ ఉచ్చు లోపల ఇరాక్ సైనికులు మాత్రమే లేరు. కువైటీలు ఉన్నారు, మన కార్మికులు ఉన్నారు, బంగ్లాదేశ్, శ్రీలంక, ఫిలిప్పీన్స్ కార్మికులు ఉన్నారు.

అక్కడి నుంచి మనవాళ్లను విమానాల్లో తెచ్చిన కథ అందరికీ తెలుసు. కువైట్ నుంచి బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్‌లోని అమ్మాన్‌కు, అక్కడి నుంచి బొంబాయికి ఎయిరిండియా విమానాల్లో. సినిమా కూడా వచ్చింది. కానీ విమానం ఎక్కే వంతు వచ్చేవరకు వాళ్లు ఏం తినాలన్న ప్రశ్నకు ఢిల్లీ ఎలా సమాధానం వెతికిందో పెద్దగా ఎవరూ చెప్పుకోలేదు.

ఒక్క మాటపై పేచీ

661వ తీర్మానంలో మినహాయింపులు రెండే. వైద్య అవసరాలకు మాత్రమే ఉద్దేశించిన సరుకు మొదటిది. మానవతా పరిస్థితుల్లో ఆహార పదార్థాలు రెండోది. మందులకు షరతు లేదు, తిండికి ఉంది. తిండి పంపాలంటే ముందు ‘మానవతా పరిస్థితి’ ఏర్పడిందని ఎవరో తేల్చాలి.

ఎవరు తేల్చాలి? తీర్మానం అమలును చూసేందుకు భద్రతా మండలి సభ్యదేశాలన్నీ కలిసి ఒక కమిటీగా ఏర్పడ్డాయి. ఫిన్లండ్ రాయబారి మర్యత్త రాసి దానికి అధ్యక్షురాలు. ఆ ఏడాది భారత్ మండలిలో సభ్యదేశం కాదు. అంటే ఢిల్లీ కమిటీ గది బయట నిలబడి అర్జీ పెట్టుకోవాలి. అమెరికా, బ్రిటన్‌లు కచ్చితంగా ఉండాలన్నాయి. తిండిని తేలిగ్గా వదిలేస్తే దిగ్బంధానికి అర్థం ఉండదని వాటి భయం. క్యూబా, యెమెన్‌లది అవతలి వాదన. తిండిని ఆయుధం చేయకూడదని, ఆకలి రుజువయ్యేదాకా ఆగమనడమే అన్యాయమని.

సెప్టెంబరు 13న 666వ తీర్మానం వచ్చింది. 13 దేశాలు అనుకూలంగా, క్యూబా, యెమెన్ వ్యతిరేకంగా ఓటేశాయి. అందులో పనికొచ్చే విషయాలు మూడున్నాయి. ఇరాక్, కువైట్‌లలో తిండి పరిస్థితిపై ఐరాస ప్రధాన కార్యదర్శి సమాచారం సేకరించి కమిటీకి పంపుతూ ఉండాలి. పదిహేనేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు, రోగులు, ముసలివాళ్ల విషయంలో ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. తిండి పంపాలని నిర్ణయిస్తే అది ఐరాస ద్వారా, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ వంటి సంస్థల సహకారంతో, వాటి చేతుల మీదుగా లేదా పర్యవేక్షణలో, చేరాల్సిన వాళ్లకే చేరాలి.

ఆ తీర్మానం వచ్చిన వెంటనే భారత్ దరఖాస్తు బల్లపైకి వచ్చింది. ‘విశ్వసిద్ధి’ అనే భారతీయ ఓడలో కువైట్‌లోని మన పౌరులకు తిండి పంపడానికి కమిటీ ఒప్పుకొంది. ఈ దిగ్బంధంలో దారి తెరుచుకున్న తొలి సందర్భాల్లో ఇది ఒకటి. దండయాత్రకూ ఆ అనుమతికీ మధ్య దాదాపు ఆరు వారాలు గడిచాయి. అప్పటికే వేలమంది ఎడారి దారి పట్టి జోర్డాన్ సరిహద్దు శిబిరాల్లో నీళ్ల కోసం వరుస కట్టారు.

1949లోనే ఉన్న పదాలు

666లో కనిపించిన ‘పదిహేనేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు’ అన్న వరుస అప్పటికప్పుడు పుట్టింది కాదు. అది 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలోని 23వ అధికరణం నుంచి వచ్చింది. శత్రుదేశపు పౌరులకు వెళ్లే మందులకు దారి ఇవ్వాలని, ఈ మూడు వర్గాలకు వెళ్లే అత్యవసర ఆహారం, దుస్తులు, బలవర్ధకాలకు కూడా దారి ఇవ్వాలని ఆ అధికరణం చెప్తుంది.

అయితే దారి ఇచ్చే దేశానికి మూడు భయాలు ఉండొచ్చని కూడా అదే చెప్తుంది. సరుకు దారి మళ్లుతుందేమో. పర్యవేక్షణ పనిచేయదేమో. ఆ సరుకు రావడం వల్ల శత్రువు తన సొంత సరుకును యుద్ధానికి మళ్లించి లాభపడుతుందేమో. ఇలా భయపడడానికి గట్టి కారణం ఉంటే ఆపొచ్చు. 1949లో ఈ వాక్యాలు రాసినవాళ్ల మనసులో రెండో ప్రపంచ యుద్ధపు దిగ్బంధాలున్నాయి. అందుకే ఒక చేత్తో దారి ఇచ్చి, మరో చేత్తో తాళం వేసుకునే వీలు ఉంచారు.

కువైట్ విషయంలో మాత్రం మనవాళ్లకు ఇంకా గట్టి ఆసరా ఉంది. అది ఆక్రమిత ప్రాంతం. 55వ అధికరణం ప్రకారం ఆక్రమించిన దేశమే తన శక్తి మేరకు అక్కడి జనానికి తిండి, మందులు సమకూర్చాలి. చాలకపోతే 59వ అధికరణం ప్రకారం బయటి నుంచి వచ్చే సాయానికి ఒప్పుకొని తీరాలి. ఆ సాయం ఏ దేశాల మీదుగా వెళ్తుందో ఆ దేశాలు కూడా దారి ఇవ్వాలి. పిల్లలు, బాలింతలు అన్న పరిమితి ఇక్కడ లేదు, జనాభా మొత్తానికి వర్తిస్తుంది. దారి ఇచ్చే దేశం సరుకును సోదా చేయొచ్చు, ఏ దారిన ఏ వేళకు వెళ్లాలో చెప్పొచ్చు, అది ఆక్రమణదారుడి పొట్టలోకి పోకుండా చూసుకోవచ్చు. అంతవరకే.

మన కార్మికులు కువైటీలు కారు కదా అని అడగొచ్చు. ఆక్రమిత ప్రాంతంలో ఉన్న తటస్థ దేశాల పౌరులకు కూడా ఈ ఒప్పందం రక్షణ ఇస్తుంది. బొబ్బిలి నుంచి వెళ్లిన మేస్త్రీకైనా, కువైట్‌లోనే పుట్టిన పిల్లకైనా తిండి విషయంలో ఒకే హక్కు.

ఎంత తిండి కావాలి?

చట్టం మాటలు గాల్లో తేలకుండా ఉండాలంటే లెక్క వేసి చూడాలి. మనిషి నిలబడాలంటే రోజుకు సగటున 2,100 కేలరీలు కావాలని సహాయ సంస్థలు లెక్క కడతాయి. బియ్యమో గోధుమో 400 గ్రాములు, పప్పు, నూనె, ఉప్పు, చక్కెర కలిపితే మనిషికి రోజుకు సుమారు అరకిలో సరుకు. 1,70,000 మందికి అది 85 టన్నులు. పాతిక కిలోల బస్తాల్లో 3,400 బస్తాలు. పది టన్నుల లారీలైతే తొమ్మిది.

రోజుకు తొమ్మిది లారీలు. కోటబొమ్మాళి మీదుగా పోయే జాతీయ రహదారిలో, నరసన్నపేట దగ్గర మడపాం టోల్‌గేటు ముందు తొమ్మిది లారీలు అదనంగా నిలబడితే ఎవరూ పట్టించుకోరు. ఒక పట్టణమంత జనాన్ని బతికించడానికి కావాల్సింది అంతే. అందుకే ముట్టడిలో ఆకలి పుట్టిందంటే సరుకు లేకపోవడం కన్నా దారి లేకపోవడమే కారణమై ఉంటుంది. గోదాములో ధాన్యం ఉంటుంది, రేవులో ఓడ ఉంటుంది, లారీలో డీజిల్ ఉంటుంది. కాగితం మీద సంతకం మాత్రం ఉండదు.

నీళ్ల లెక్క ఇంకా కఠినం. అత్యవసర పరిస్థితుల్లో తాగడానికి, వండుకోవడానికి, కడుక్కోవడానికి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు ఉండాలంటారు. 1,70,000 మందికి అది 25 లక్షల లీటర్లకు పైమాటే. ఇంత నీటిని లారీల్లో మోయడం జరిగే పని కాదు. కువైట్‌లాంటి చోట శుద్ధి కేంద్రానికి కరెంటు తీసేస్తే చాలు, బస్తాలు చేరినా అన్నం వండుకోలేరు.

ముట్టడి నేరమా?

మన ప్రాంతంలో ముట్టడి అనగానే బొబ్బిలి గుర్తొస్తుంది. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు సేనలు కోటను చుట్టుముట్టాయి. ఒక్కరోజులో అంతా ముగిసింది. ఆకలికి అక్కడ పని లేకపోయింది. కానీ కోటలు గట్టివైతే, ఫిరంగులు చాలకపోతే సేనాపతులు ఎప్పుడూ నమ్ముకున్నది ఆకలినే. చాలాకాలం పాటు చట్టం కూడా దాన్ని నేరమనలేదు.

1863లో అమెరికా అంతర్యుద్ధ సమయంలో తయారైన లీబర్ కోడ్ ఈ విషయాన్ని దాచలేదు. శత్రువును త్వరగా లొంగదీయడానికి, ఆయుధం ఉన్నవాడినీ లేనివాడినీ ఆకలికి మాడ్చవచ్చని చెప్పింది. తిండి తినే నోళ్లు తగ్గుతాయని కోటలోవాళ్లు పౌరులను బయటకు పంపితే, ముట్టడి వేసినవాడు వాళ్లను మళ్లీ లోపలికి తరమవచ్చని కూడా చెప్పింది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను 872 రోజులు చుట్టుముట్టింది. లక్షలాది పౌరులు ఆకలితో, చలితో చనిపోయారు. యుద్ధం తర్వాత అక్కడి జర్మన్ సేనాధిపతి ఫీల్డ్‌మార్షల్ వాన్ లీబ్‌ను నూరెంబర్గ్‌లో విచారించారు. నగరం వదిలి బయటకు వచ్చే పౌరులపై ఫిరంగులు పేల్చి వెనక్కి తరమమన్న ఆదేశం కూడా విచారణకు వచ్చింది. అప్పటి చట్టం ప్రకారం దాన్ని నేరమనలేమని 1948లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. చట్టం వేరుగా ఉండాల్సిందని న్యాయమూర్తులే బాధపడ్డారు, కానీ ఉన్న చట్టంతోనే తీర్పు ఇచ్చారు.

ఆ కంతను పూడ్చడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. 1977లో జెనీవా ఒప్పందాలకు రెండు అదనపు ప్రోటోకాళ్లు వచ్చాయి. పౌరులను ఆకలికి గురిచేయడాన్ని యుద్ధ పద్ధతిగా వాడకూడదని మొదటి ప్రోటోకాల్ 54వ అధికరణం సూటిగా చెప్పింది. తిండి, పంటలు, పశువులు, తాగునీటి వసతులు, సాగునీటి పనులను పౌరులకు దక్కకుండా చేయాలని నాశనం చేయకూడదు, తరలించకూడదు, పనికిరాకుండా చేయకూడదు. అంతర్యుద్ధాలకు ఇదే నిషేధాన్ని రెండో ప్రోటోకాల్ 14వ అధికరణం చెప్పింది.

ముట్టడి మొత్తంగా నేరం అయిపోలేదు. శత్రు సైనికుల దగ్గరకు ఆయుధాలు, సైనికులకు మాత్రమే వెళ్లే తిండి చేరకుండా ఆపొచ్చు. కానీ ఆ నగరంలో పౌరులు కూడా ఉంటే ఆ చర్య వాళ్లను ఆకలికి నెట్టకూడదు. బయటకు వెళ్లడానికి దారి ఇచ్చాం, వెళ్లనివాళ్ల సంగతి మాకు తెలియదు అనడం కూడా కుదరదు. ముసలితనం వల్ల, రోగం వల్ల, ఇల్లు వదల్లేక ఉండిపోయినవాడు పౌరుడిగానే ఉంటాడు.

ఎలా గుర్తుపట్టాలి?

1998 నాటి రోమ్ శాసనం ఆకలిని యుద్ధ నేరాల జాబితాలో చేర్చింది. బతకడానికి తప్పనిసరైన వస్తువులను పౌరులకు దక్కకుండా చేయడం, సహాయ సరుకును కావాలని అడ్డగించడం అందులోకి వస్తాయి. మొదట్లో ఇది దేశాల మధ్య యుద్ధాలకే పరిమితం. 2019లో స్విట్జర్లాండ్ ప్రతిపాదనపై అంతర్యుద్ధాలకు కూడా వర్తించేలా సవరణ ఆమోదించారు. ఎవరైనా చనిపోయారని నిరూపించాల్సిన అవసరం లేదు. ఆకలిని పద్ధతిగా వాడాలన్న ఉద్దేశం, దానికి తగ్గ చర్య ఉంటే చాలు.

కష్టమంతా ఉద్దేశం దగ్గరే. ఏ సేనాపతీ ఆకలికి మాడ్చమని రాసి సంతకం పెట్టడు. అందుకే పరిశోధకులు వరుసను చూస్తారు. ఒక లారీ వారం ఆగితే అది ఆలస్యం. ప్రతి లారీ, ప్రతి దారిలో, ప్రతిసారీ కొత్త కారణంతో ఆగితే అది పద్ధతి. నిన్న ఒప్పుకున్న సరుకును నేడు నిషేధ జాబితాలో పెట్టడం, ఒక్క గేటు తెరిచి అది సరిపోతుందనడం, అదే వారంలో బేకరీలు, బావులు, నీటి పంపులు దెబ్బతినడం, బాధ్యత గల పదవుల్లో ఉన్నవాళ్లు బహిరంగంగా అన్న మాటలు. వీటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చితే ఉద్దేశం బయటపడుతుంది.

2024 నవంబరు 21న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్‌లపై వారెంట్లు జారీ చేసింది. గాజాలో ఆకలిని యుద్ధ పద్ధతిగా వాడారన్నది ఆ ఆరోపణల్లో ఒకటి. ఇజ్రాయెల్ దాన్ని ఖండించింది. విచారణ ఇంకా జరగాల్సే ఉంది.

సూడాన్‌లోని అల్ ఫాషిర్‌లో కోర్టు దాకా కూడా రాలేదు. సూడాన్ సైన్యంతో పోరాడుతున్న ఆర్‌ఎస్‌ఎఫ్ దళాలు 2024 నుంచి ఆ నగరాన్ని చుట్టుముట్టాయి. ముట్టడి ఆపాలని 2024 జూన్‌లో భద్రతా మండలి 2736వ తీర్మానం చేసింది. దళాలు దాన్ని లెక్కచేయకుండా నగరం చుట్టూ మట్టికట్ట పోశాయి. లోపల జనం ‘అంబాజ్’ తిన్నారు. వేరుశనగ నూనె తీశాక మిగిలే పిప్పి అది, పశువుల మేత. మన ఇళ్లలో తెలగపిండి కూర ఇష్టంగా వండుకుంటాం, పక్కన అన్నం ఉంటుంది కాబట్టి. వాళ్లకు పక్కన ఏమీ లేదు. 2025 అక్టోబరులో నగరం పడిపోయింది. కరవు ఉందని నిపుణులు అధికారికంగా తేల్చింది ఆ తర్వాత, నవంబరులో.

తేల్చేసరికి ఆలస్యం

ఇక్కడే 1990 నాటి ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. ఆకలి వచ్చిందని ఎవరు, ఎప్పుడు తేల్చాలి?

ఇప్పుడు దానికి కొలతలున్నాయి. ఒక ప్రాంతంలో కనీసం 20 శాతం కుటుంబాలకు తిండి దాదాపు లేకుండా పోవాలి. 30 శాతం పిల్లలు తీవ్ర పోషకాహార లోపంతో ఉండాలి. ప్రతి పదివేల మందిలో రోజుకు ఇద్దరు చనిపోతుండాలి. అప్పుడు అంతర్జాతీయ నిపుణులు కరవు అంటారు. కొలత మంచిదే, అబద్ధపు కేకలను వడకడుతుంది. కానీ సర్వే చేయాలంటే సర్వే చేసేవాళ్లు లోపలికి వెళ్లాలి. వాళ్లను లోపలికి రానివ్వాల్సింది ముట్టడి వేసినవాడే. ఇక చావులు లెక్కకు వచ్చేసరికి ఆ చావులు జరిగిపోయి ఉంటాయి.

చట్టం ఈ కొలతలు అడగలేదన్నది గమనించాలి. 59వ అధికరణం ‘తగినంత సరఫరా లేకపోతే’ అంటుందే తప్ప కరవు ప్రకటించేదాకా ఆగమనదు. నిషేధం ఆకలికి సంబంధించింది, సాయం కొరతకు సంబంధించింది. ఈ రెండింటినీ కలిపేసి, కరవు రుజువైతేనే గేటు తెరుస్తామనడం చట్టాన్ని తలకిందులు చేయడం. 1990లో జరిగింది కొంతవరకు అదే. మానవతా పరిస్థితి వచ్చిందని తేలాకే తిండి అన్నారు. 1,70,000 మందికి రోజుకు తొమ్మిది లారీల తిండి కావాలన్న లెక్క ఆగస్టు 6నే వేయొచ్చు. సెప్టెంబరు మధ్యదాకా ఆగనక్కర్లేదు.

విశ్వసిద్ధికి దారి దొరికిన తీరులో పనికొచ్చే పాఠం కూడా ఉంది. దిగ్బంధం వేసిన దేశాలకున్న భయాలను కమిటీ కొట్టిపారేయలేదు. వాటిని సోదా, దారి, పంపిణీ అనే పనులుగా మార్చింది. ఎవరు ఎక్కిస్తారు, ఎవరు దించుతారు, ఎవరి చేతికి అందుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు దొరికితే భయం తీరిపోతుంది. తీరని భయం అంటూ మిగిలితే, అది సరుకు మీద భయం కాదని తెలిసిపోతుంది.

భారత్ రెండు కుర్చీల్లో

2022 డిసెంబరు 9న భద్రతా మండలి ముందుకు 2664వ తీర్మానం వచ్చింది. ఐరాస ఆంక్షల కింద ఆస్తులు స్తంభింపజేసిన చోట్ల మానవతా సాయానికి అడ్డు లేకుండా ఒక శాశ్వత మినహాయింపు ఇవ్వాలన్నది దాని సారం. ఇకపై ప్రతి ఓడకూ కమిటీ ముందు అర్జీ పెట్టుకునే బాధ తగ్గించడానికి వేసిన అడుగు. 14 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. ఒక్క దేశం ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఆ దేశం భారత్.

కారణం లేకపోలేదు. మన పొరుగున ఉగ్రవాద సంస్థలు ధర్మసంస్థల వేషంలో మినహాయింపులను వాడుకుంటాయని మన ప్రతినిధి చెప్పారు. సరుకు దారి మళ్లుతుందేమో, పర్యవేక్షణ పనిచేయదేమో అన్న 23వ అధికరణపు పాత భయాలే ఇవి. 1990లో మన ఓడ ముందు నిలిచిన భయాలు కూడా ఇలాంటివే. అప్పుడు ఆ భయాలను సోదాతో, పర్యవేక్షణతో తీర్చవచ్చన్న దారిలోనే మన ఓడకు అనుమతి దొరికింది.

భారత్ 1950లోనే నాలుగు జెనీవా ఒప్పందాలనూ ఆమోదించింది. 1960లో వాటి కోసం దేశంలో చట్టం చేసింది. 1977 ప్రోటోకాళ్లలో మాత్రం చేరలేదు, రోమ్ శాసనంలోనూ చేరలేదు. అంటే ఆకలిని యుద్ధ పద్ధతిగా వాడకూడదని సూటిగా రాసిన కాగితాల మీద మన సంతకం లేదు. ఆ నిషేధం ఆచారంగా అన్ని దేశాలకూ వర్తిస్తుందని రెడ్‌క్రాస్ అధ్యయనం 2005లో చెప్పింది. మన రక్షణకు ఇప్పుడు ఆ ఆచారమే ఆధారం.

మన జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు, హౌస్‌మెయిడ్లు తగ్గలేదు. ఆ సముద్రంలో మళ్లీ ఎప్పుడైనా ఓడలు ఆగితే మన ప్రభుత్వం మళ్లీ ఏదో ఒక కమిటీ తలుపు తడుతుంది. అప్పుడు వినిపించే వాదన కొత్తది కానక్కర్లేదు. దారి ఇవ్వడం నియమం, ఆపడానికే కారణం చూపాలి, ఆ కారణాన్ని సోదాతో తీర్చే వీలుంటే ఆపకూడదు. ఈ మాటను ఇతరుల ఆకలి గురించి ఓటేసే రోజున కూడా అంటేనే, మనవాళ్ల ఆకలి గురించి అడిగే రోజున దానికి బరువుంటుంది.